ఓటీపీ సిమ్ముకొస్తది, మనకు కాదు

‘టూ ఫ్యాక్టర్ పెట్టుకున్నావా?’ అని హాస్టల్లో ఎవర్ని అడిగినా ‘ఆ, ఓటీపీ వస్తది గదా’ అంటారు. ఆ జవాబుతోనే నాకు పేచీ. ఓటీపీ మనకు రాదు, సిమ్ముకు వస్తుంది. ఈ తేడా ఎంత పెద్దదో అందరికన్నా ముందు తెలియాల్సింది ఊళ్ల నుంచి వచ్చి చదువుకునే మనకే అని నా అభిప్రాయం.

పాస్‌వర్డ్ అనేది మనకు తెలిసిన ఒక మాట. అది ఇంకొకరికి కూడా తెలిసిపోవచ్చు. అందుకే రెండో తాళంగా, మన దగ్గర మాత్రమే ఉండే వస్తువు ఒకటి చూపించమంటారు. ఏ వస్తువు అన్న దగ్గరే మూడు పద్ధతులూ వేరైపోతాయి. ఎస్ఎంఎస్ కోడ్ చూసేది మీ నంబర్‌ని. ఆథెంటికేటర్ యాప్ చూసేది మీ ఫోన్‌ని. బ్యాకప్ కోడ్ చూసేది మీరు దాచుకున్న కాగితాన్ని. ఏది పోతే ఏం జరుగుతుందో ఒక ఉదాహరణతో చెప్తాను.

మా క్లాసులో దోమ మండలం నుంచి వచ్చిన అమ్మాయి ఒకామె ఉంది. దసరా సెలవుల తర్వాత తిరిగొస్తుంటే పరిగిలో బస్సు మారేటప్పుడు ఫోన్ పోయింది. అన్న దగ్గర పాత ఫోన్ తీసుకుని ఇన్‌స్టాగ్రామ్ తెరిచింది. పాస్‌వర్డ్ సరిగ్గానే కొట్టింది. కోడ్ మాత్రం పోయిన ఫోన్లోని సిమ్ముకు వెళ్లింది. ఆ సిమ్ము వాళ్ల నాయిన పేరు మీద ఉంది. కొత్తది తీసుకోవాలంటే ఆయనే ఆధార్ పట్టుకుని పోవాలి. ‘రేపు పత్తి ఏరెటోళ్లు వస్తున్నరు బిడ్డా, ఎల్లుండి పోత’ అన్నాడు. ఆయన పరిగి పోయి సిమ్ము తీసుకుని, ఊరివాళ్ల చేతికిచ్చి పంపించాడు. సిమ్ము వేశాక కూడా కోడ్ రాలేదు. సిమ్ము మార్చాక 24 గంటల పాటు ఎస్ఎంఎస్‌లు ఆపాలని టెలికాం శాఖ 2022లోనే నిబంధన పెట్టింది. వేరేవాళ్ల నంబర్ మీద దొంగతనంగా కొత్త సిమ్ము తీసుకునేవాళ్లను ఆపడానికి అది మంచి నిబంధనే. కానీ అసలు మనిషి కూడా అంతసేపు ఆగాల్సిందే.

ఇక్కడ గమనించాల్సింది ఇంకోటుంది. పాత సిమ్మును బ్లాక్ చేయించేదాకా, ఆ ఫోన్ దొరికినవాడు సిమ్ము తీసి తన ఫోన్లో వేసుకుంటే కోడ్లన్నీ వాడికే వచ్చేవి. అంటే సొంతదారుకు రాని కోడ్ దొంగకు వస్తుంది. నంబర్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మీరు! 2019 ఆగస్టు 30న ట్విట్టర్ అధిపతి జాక్ డోర్సీ ఖాతా నుంచే ఎవరో చెత్త ట్వీట్లు పెట్టారు. వాళ్లు దొంగిలించింది ఓటీపీని కాదు, పాస్‌వర్డ్‌నీ కాదు. ఆయన ఫోన్ నంబర్‌ని చేజిక్కించుకుని, ఎస్ఎంఎస్ ద్వారా ట్వీట్ చేసే సౌకర్యాన్ని వాడుకున్నారు. నంబర్‌నే మనిషిగా లెక్కపెడితే వచ్చే తంటా అది.

ఇప్పుడు అదే ఫోన్లో ఆథెంటికేటర్ యాప్ ఉందనుకోండి. సెట్ చేసేటప్పుడు మనం స్కాన్ చేసే క్యూఆర్‌లో ఒక రహస్య కీ ఉంటుంది. అది ఒకటి మన ఫోన్లో, ఒకటి వాళ్ల సర్వర్‌లో ఉండిపోతుంది. ఆ తర్వాత ఇద్దరూ విడివిడిగా ఒకే లెక్క చేస్తారు:

```
T = floor(unix_time / 30)
code = truncate(HMAC-SHA1(key, T)) mod 1000000
```

1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లను 30తో భాగించి, వచ్చిన అంకెను కీతో కలిపి ఆరంకెల కోడ్ తీస్తారు. 2011లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సి 6238లో దీనికి పరీక్ష లెక్క కూడా ఉంది. కీ `12345678901234567890`, సమయం 59వ సెకను అనుకుంటే T విలువ 1, కోడ్ `287082`. మీరూ పైథాన్‌లో చేసి చూసుకోవచ్చు. ఎక్కడి నుంచీ ఏదీ రాదు కాబట్టి సిగ్నల్ అక్కర్లేదు, రీఛార్జ్ అక్కర్లేదు, ఏరోప్లేన్ మోడ్‌లో కూడా పనిచేస్తుంది. కోడ్ తప్పు అని పదేపదే చూపిస్తుంటే మాత్రం ముందు ఫోన్ గడియారం చూడండి. అది రెండు మూడు నిమిషాలు అటూ ఇటూ అయితే T మారిపోతుంది. సమయాన్ని ఆటోమేటిక్‌లో పెడితే సరిపోతుంది.

మరి పరిగిలో ఫోన్ పోయిన అమ్మాయికి యాప్ ఉంటే గట్టెక్కేదా? లేదు. కీకి వేరేచోట బ్యాకప్ లేకుంటే అది కూడా ఆ ఫోన్‌తోనే పోయేది. నాయిన కొత్త సిమ్ము పంపినా లాభం ఉండేది కాదు. యాప్ మంచిది అని చెప్పేవాళ్లు ఈ మాట చెప్పకుండా వదిలేస్తారు. సిమ్ము కన్నా యాప్ గట్టి తాళం, కానీ గట్టి తాళం మనల్ని కూడా గట్టిగానే బయట నిలబెడుతుంది.

ఆమెను అయిదు నిమిషాల్లో లోపలికి పంపగలిగేది బ్యాకప్ కోడ్ ఒక్కటే. ఇన్‌స్టాగ్రామ్‌లో Accounts Centre, Password and security, Two-factor authentication దారిలో వెళ్లి, ఖాతా ఎంచుకుని Additional methods నొక్కితే Backup codes కనిపిస్తాయి. అక్కడ అయిదు ఇస్తారు, గూగుల్ అయితే పది. ఒక్కో కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది. వాటిని స్క్రీన్‌షాట్ తీసి అదే ఫోన్ గ్యాలరీలో దాచుకోవడం అంటే, ఇంటి తాళంచెవి ఇంట్లోనే పెట్టి తలుపేసుకోవడం. కాగితం మీద రాసి, ఊళ్లో రేషన్ కార్డు, పాస్‌బుక్కులు పెట్టే సంచిలో వేయండి. అవసరమైన రోజు మీరే ఫోన్ చేసి అమ్మతో అంకెలు చదివించుకోవచ్చు. వేరే ఎవరు ఫోన్ చేసి అడిగినా చదవొద్దని ముందే చెప్పిపెట్టండి.

ఎస్ఎంఎస్ పూర్తిగా దండగ అని నేననను. ఎక్కడో లీకైన పాస్‌వర్డ్‌తో మన ఖాతా తెరవాలని చూసేవాణ్ణి అది ఆపుతుంది. ఏమీ లేనిదానికన్నా అది మేలు. అలాగే దొంగ లాగిన్ పేజీలో మన చేత్తో మనమే కొట్టేస్తే మూడు రకాల కోడ్లూ పోతాయి. ముప్పై సెకన్లు మనకే తక్కువ, వాడి ప్రోగ్రామ్‌కు చాలా ఎక్కువ. మీరు లాగిన్ అవ్వకుండానే ఓటీపీ వచ్చిందంటే మీ పాస్‌వర్డ్ ఎవరికో తెలిసిందేమో అని అనుమానించి, వెంటనే మార్చేయండి.

ఇదంతా మన క్లబ్బు పేజీలో రాయడానికి కారణం ఉంది. మన ఇన్‌స్టాగ్రామ్ ఖాతా కోడ్లు ఇప్పటికీ ఫైనలియర్ అన్న నంబర్‌కే పోతున్నాయి. రేపు ఆయన ఉద్యోగంలో చేరి కొత్త నంబర్ తీసుకుంటే, పాతదానికి రీఛార్జ్ ఆగిపోతుంది. రద్దయిన నంబర్‌ను కనీసం 90 రోజులు ఆగి వేరేవాళ్లకు ఇస్తారు. అప్పుడు మన కవితల పేజీ కోడ్ ఎవరో తెలియని మనిషి ఫోన్లో మోగుతుంది.

నా ప్రతిపాదన ఇది. సెట్ చేసేటప్పుడు ఒకే క్యూఆర్‌ను కార్యదర్శి, ఒక సెకండియర్ సభ్యుడు ఇద్దరూ స్కాన్ చేయాలి. కీ ఒకటే కాబట్టి రెండు ఫోన్లలోనూ ఒకే కోడ్ వస్తుంది, ఒకటి పోయినా రెండోది ఉంటుంది. బ్యాకప్ కోడ్ల కాగితం కవర్లో పెట్టి, క్లబ్బు రిజిస్టర్‌తో పాటు బీరువాలో ఉంచాలి. ఈ రెండూ పనిచేస్తున్నాయని చూసుకున్నాకే అన్న నంబర్ తీసేయాలి. ఏటా కొత్త కమిటీ వచ్చిన రోజున పాత క్యూఆర్ రద్దు చేసి కొత్తది స్కాన్ చేసుకోవాలి, కోడ్లు కూడా కొత్తవి తీసుకోవాలి. లేకపోతే కాలేజీ వదిలినవాళ్ల దగ్గర కూడా మన తాళంచెవులు మిగిలిపోతాయి.