పుస్తకం లేనోళ్ల మతం ఏ లెక్కలోకి వస్తుంది?

ప్రపంచ మతాలు ఎన్ని అని అడిగితే బడి పిల్లలు కూడా వేళ్ల మీద లెక్కపెట్టి చెప్తారు. ఆ జాబితా ఎవరు రాశారు మిత్రులారా? టొమోకో మసుజావా అనే పరిశోధకురాలు 2005లో తెచ్చిన పుస్తకం సరిగ్గా ఈ ప్రశ్న మీదే. ఆ చరిత్రలోంచి రెండు ఘట్టాలు మీ ముందు పెడతాను.

1870లో లండన్‌లో మాక్స్ ముల్లర్ మతాల శాస్త్రం మీద ఉపన్యాసాలిచ్చాడు. భాషల్ని కుటుంబాలుగా పంచినట్టే మతాల్నీ పంచాడు. గీటురాయి ఒక్కటే, పవిత్ర గ్రంథం ఉండాలి. ఆర్యులకు మూడు: బ్రాహ్మణ మతం, బౌద్ధం, జరతుష్ట్ర మతం. సెమెటిక్ జాతులకు మూడు: యూదు, క్రైస్తవం, ఇస్లాం. చైనాకు రెండు: కన్ఫ్యూషియస్‌ది, లావోత్సేది. మొత్తం ఎనిమిది. పుస్తకం లేని మతాలున్నాయని ఆయనకు తెలుసు. కానీ వాటికి ఈ పట్టికలో చోటు లేదు.

తర్వాత ఆయన సంపాదకత్వంలో తూర్పు దేశాల పవిత్ర గ్రంథాల అనువాదాలు 50 సంపుటాలుగా వచ్చాయి. 1879లో వచ్చిన రెండో సంపుటంలోనే గౌతమ ధర్మసూత్రం ఉంది. శూద్రుడు వేదం వింటే చెవుల్లో లోహమో లక్కో కరిగించి పోయమన్న సూత్రం అది. 1886లో మనుస్మృతీ చేరింది. ఇక్కడ ఆగి ఆలోచించండి. ఒక మనిషిని చదువుకి దూరంగా ఉంచమన్న పుస్తకమే మతానికి సాక్ష్యం. ఆ మనిషికి పుస్తకం లేకపోవడం మాత్రం మతం లేదనడానికి సాక్ష్యం!

రెండో ఘట్టం హాలండ్‌లోది. లైడెన్ పండితుడు టీలె, జాతి హద్దులు దాటిన మతాలు మూడన్నాడు: బౌద్ధం, క్రైస్తవం, ఇస్లాం. అదే లైడెన్‌కి చెందిన క్యూనెన్ 1882 ఉపన్యాసాల్లో ఇస్లాంకి ఆ హోదా తగదన్నాడు. అది మరీ అరబ్బుల మతమట. అప్పటికే మొరాకో నుంచి జావా దాకా నమాజు చదువుతున్నారు. ఆ జావాని ఏలుతున్నదీ డచ్చి వాళ్లే. మతం మారలేదు, జనం తగ్గలేదు, కొలబద్ద మాత్రం జరిగింది. కొలిచేవాడి అవసరం పట్టుబడేది ఇలాంటి చోటే అంటాను నేను.

దీనర్థం ఆ మతాలు అబద్ధమని కాదు. వాటిని నమ్మినోళ్లు, వాటి కోసం చచ్చినోళ్లు నిజం. కట్టింది ఆ వరస, ఆ పీటలు.

మన దగ్గర మాదిగల పుట్టుక కథ జాంబపురాణాన్ని డక్కలి వాళ్లు పటం పరిచి పాడతారు. సృష్టి ఉంది, ఆదిపురుషుడు ఉన్నాడు, తరతరాల జ్ఞాపకం ఉంది. దాన్ని పాఠ్యపుస్తకం "జానపదం" అధ్యాయంలో పెట్టి, మనువుని "మతం" అధ్యాయంలో పెడితే, ఆ విభజన ఏ గీటురాయితో జరిగిందో అడగండి. పిల్లల చేత అడిగించండి.