తాళం మార్చాం, మరి దొడ్డి తలుపో?

కుటుంబ హింస కేసులు చూసే ఒక సహాయ కేంద్రంలో జరిగిన సంగతి ఇది. ప్రింటర్ పనిచేయకపోతే దూరం నుంచే బాగుచేస్తానన్న కుర్రాడు కంప్యూటర్‌లో ఎనీడెస్క్ పెట్టించాడు. ప్రతిసారీ ఎవరో ఒకరు 'సరే' అని నొక్కడమెందుకని తనకో శాశ్వత పాస్‌వర్డ్ కూడా పెట్టుకున్నాడు. ఏడాది తర్వాత అతను పని మానేశాడు. కేంద్రం వాళ్లు విండోస్ పాస్‌వర్డ్, మెయిల్ పాస్‌వర్డ్ మార్చి నిశ్చింతగా ఉన్నారు. కానీ ఎనీడెస్క్ పాస్‌వర్డ్ వేరు. ఆ రెండింటినీ ఎన్నిసార్లు మార్చినా అది చెక్కుచెదరదు.

ఈ సంగతి బయటపడింది ఒక చిన్న ఫైలు వల్ల. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే చాలు:

```
C:\ProgramData\AnyDesk\connection_trace.txt
```

Incoming అన్న ప్రతి వరుసలోనూ తేదీ, సమయం, వచ్చిన యంత్రం నంబరు ఉంటాయి. User అని ఉంటే ఇక్కడున్న మనిషి ఒప్పుకున్నట్టు. Passwd అని ఉంటే ఎవరూ ఒప్పుకోకుండానే పాస్‌వర్డ్‌తో వచ్చినట్టు. కేంద్రానికి తాళం వేసి, కంప్యూటర్ మాత్రం ఆపకుండా వెళ్లిన ఒక ఆదివారం ఎదురుగా Passwd అని ఉంది. వచ్చాడని ఈ ఫైలు చెబుతుంది. ఏం చూశాడో చెప్పదు. దాన్ని చెరిపేయడమూ సులువే, కాబట్టి ఖాళీగా ఉన్నంత మాత్రాన ఎవరూ రాలేదని అనుకోకూడదు.

కేసుల రికార్డులు సర్వర్‌లో దాచుకునే సంస్థల్లో ఇలాంటి తలుపే మరొకటుంది. ప్రతి వాడుకదారు ఖాతాలోనూ ~/.ssh/authorized_keys అనే ఫైలు ఉండవచ్చు. అందులో ఒక్కో వరుస ఒక్కో తాళంచెవి. పాస్‌వర్డ్ మారినా చెవి పనిచేస్తూనే ఉంటుంది. వరుస చివరనున్న పేరును నమ్మకండి, అక్కడ ఎవరైనా ఏదైనా రాయొచ్చు. ఇప్పుడు పనిచేస్తున్నవాళ్లలో ఎవరూ 'ఇది నాది' అని చూపించలేని వరుసను తీసేయాలి. తీసేస్తే కొత్తగా ఎవరూ రాలేరు గానీ, అప్పటికే లోపల ఉన్నవారు ఉండిపోతారు. వారి సెషన్‌ను విడిగా తెంచాలి.

అనుమానం రాగానే చెరిపేయడం మొదటి పని కాదు. ముందు ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, తెర ఫొటో తీసి, తేదీ రాసి పెట్టుకోవాలి. అనుమతి లేకుండా కంప్యూటర్‌లో చొరబడటం 2000 నాటి ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కిందకు వస్తుంది. రేపు ఫిర్యాదు ఇవ్వాలంటే ఇదే ఆధారం. అది ఒక స్త్రీ ఇంట్లో కంప్యూటరై, చూస్తున్నది భర్త అయితే మరింత జాగ్రత్త అవసరం. దారి మూసిన క్షణమే ఆమెకు తెలిసిపోయిందని అతనికి అర్థమవుతుంది. ఆమె ఎక్కడ ఉండబోతుందో తేల్చుకున్నాకే మూయాలి. అంతవరకూ మనతో మాటలు వేరే ఫోనులో సాగాలి.

ఆ కుర్రాడికి అనుమతి ఇచ్చింది కేంద్రమే. అది ఎప్పటితో ముగుస్తుందో మాత్రం ఎవరూ రాసుకోలేదు. ఒకసారి ఇచ్చిన సమ్మతి ఎల్లకాలపు సమ్మతి కాదని ఎన్నో ఏళ్లుగా చెబుతున్న మనం, మన కంప్యూటర్ల దగ్గర ఆ మాట మరిచిపోయాం. దారి ఎవరికి ఇచ్చాం, ఏ పనికి, ఏ తేదీ దాకా? హాజరు పట్టీ పక్కనే ఈ మూడు గళ్ల పుస్తకమూ ఉండాలి.