చేరే తేదీ ముందే తేలాలి

ఉద్యోగం ఇస్తున్నామన్న మెయిల్ రాగానే ‘థాంక్యూ సర్, ఐ యాక్సెప్ట్’ అని ఫోన్‌లోనే కొట్టి పంపేస్తుంటారు మన పిల్లలు. ఆ సంబరం సహజమే. అయితే ఆఫర్ లెటర్‌లో వేసిన చేరే తేదీకి కూడా ఆ ఒక్క మాటతోనే ఒప్పుకున్నట్టవుతుంది.

హైదరాబాద్‌లో పనిచేస్తున్న ఒక అమ్మాయిని ఊహించుకుందాం. కొత్త కంపెనీ జులై 15న చేరమంది. పాతచోట నోటీసు 60 రోజులు. జూన్ 2న రాజీనామా ఇస్తే, ఆ రోజునూ కలుపుకుని జులై 31తో గడువు తీరుతుంది. తొందరపడి జులై 15కి సరేనంటే, మిగిలిన రోజులకు జీతం వదులుకోవాల్సి రావచ్చు, రిలీవింగ్ లెటరూ ఆగిపోవచ్చు. అందుకే ఆమె జవాబు ఇలా ఉండాలి: ‘మీరిచ్చిన ఉద్యోగానికి, జీతానికి సమ్మతిస్తున్నాను. ఇక్కడ నా చివరి రోజు జులై 31. ఆగస్టు 3, సోమవారం చేరగలను. ఈ తేదీ మీకు సమ్మతమైతే మెయిల్‌లో తెలియజేయగలరు.’ ఆ జవాబు చేతికి వచ్చాకే రాజీనామా ఇవ్వాలి. ఫోన్‌లో ‘పర్లేదమ్మా, చూద్దాం’ అన్న మాట చాలదు.

అదే మెయిల్‌లో కాగితాల సంగతీ అడగాలి. ఏవి ముందే పంపాలి, ఏవి మొదటిరోజు ఒరిజినల్స్ చూపించాలి? రిలీవింగ్ లెటర్ చివరి రోజునో ఆ తర్వాతో గానీ రాదు. అందాకా రాజీనామా ఆమోదించిన మెయిల్ సరిపోతుందా? పాత పీఎఫ్ ఖాతా యూఏఎన్ నంబరు ఎవరికి ఇవ్వాలి? ఏడాది మధ్యలో మారుతున్నవారు పాతచోటి జీతం, కోసిన పన్ను వివరాలు కొత్త కంపెనీకి చెప్పాలి. లేదంటే రెండుచోట్లా ఎవరికి వారు మినహాయింపులు లెక్కకట్టి పన్ను తక్కువ కోస్తారు. రిటర్ను వేసేనాడు ఆ తేడా అంతా ఒక్కసారే కట్టాల్సి వస్తుంది.

మనవాళ్లను ఎక్కువగా తిప్పలు పెట్టేది ఇంటిపేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, పాన్‌లో చివరికి వెళ్తుంది. పేరు కలవకపోతే పీఎఫ్ దగ్గరో, వెరిఫికేషన్ దగ్గరో పని ఆగుతుంది. తేడా ఉంటే ముందే చెప్పి, ఏ పత్రం ఇస్తే సరిపోతుందో అడగడం మేలు.

ఇన్ని అడిగితే ఏమనుకుంటారోనని కుర్రకారు జంకుతారు. కానీ లాప్‌టాప్, లాగిన్, ఐడీ కార్డు అన్నీ చేరే తేదీని బట్టే సిద్ధం చేయాలి కనుక, ఆ స్పష్టత హెచ్‌ఆర్ వారికీ కావాలి. ఇంటర్వ్యూలకు నెలల తరబడి తర్ఫీదిచ్చే కాలేజీలు ఒక గంట కేటాయించి, ఈ ఉత్తరం కూడా పిల్లల చేత రాయించాలి.