సర్‌ఛార్జీ అంటే ఇంకో పేరుతో రేటు

మన ఐటీవాళ్ళలో చాలామందికి ఊళ్ళో మిర్చో, పొగాకో ఎగుమతి చేసే బావగారో బాబాయో ఉంటారు. ఓడ కొటేషన్ వస్తే "నువ్వు ఇంగ్లీషు చదివినవాడివి, ఓసారి చూడరా" అని మనకే పంపిస్తారు. మనమేం చేస్తాం? మొదటి లైన్లో ఉన్న ఓషన్ ఫ్రైట్ చూసి, తక్కువున్నది ఓకే అంటాం. అక్కడే పప్పులో కాలేస్తాం.

చెన్నై నుంచి హాంబర్గ్‌కి 40 అడుగుల కంటైనర్ ఒకటి అనుకోండి (లెక్క కోసం అంకెలు నేనే వేశాను). మొదటి కంపెనీ: ఫ్రైట్ 1000 డాలర్లు, ఇంధనం సర్‌ఛార్జీ 200, పీక్ సీజన్ 150, పోర్టు రద్దీ 100. మొత్తం 1450. రెండో కంపెనీ: ఇంధనంతో కలిపి 1650, రద్దీ ఛార్జీ లేదు, కింద "పీక్ సీజన్ వర్తిస్తే అదనం". మొదటిదే చవక కదా?

కాదు. ఆ 200, 150 ల పక్కన per TEU అని ఉంటుంది. TEU అంటే 20 అడుగుల పెట్టె. మనది 40 అడుగులు, అంటే రెండు. కాబట్టి 400, 300. రద్దీ ఛార్జీ మాత్రం కంటైనర్‌కి ఒకటే. అసలు మొత్తం 1800. ఇక రెండోదానికీ అదే పీక్ సీజన్ 300 పడితే 1950! అంటే ఏది చవకో తేల్చేది ఆ చిన్న అక్షరాల లైనే.

అది ఎప్పుడు పడుతుంది? కొటేషన్ జూలై 31 దాకా చెల్లుతుంది, పీక్ సీజన్ ఆగస్టు 1 నుంచి అనుకోండి. బుకింగ్ జూలైలోనే చేశారు, కానీ ఓడ వారం ఆలస్యమైంది. లెక్క ఓడ బయల్దేరిన తేదీతో అయితే ఆ 300 మీ నెత్తినే. అందుకే బుకింగ్ తేదీయా, పోర్టు గేటు దాటిన తేదీయా, ఓడ బయల్దేరిన తేదీయా అన్నది ముందే మెయిల్లో రాయించుకోవాలి.

అసలు నా గొడవ ఇది. ఇంధనం ఛార్జీకి కనీసం ఓ లెక్కుంది: ఇంధనం ధరని ఆ రూట్లో ఒక్కో పెట్టెకి అయ్యే వాడకంతో గుణిస్తారు. రద్దీ ఛార్జీకి కారణం పోర్టులో ఓడల క్యూ, అది తగ్గితే ఛార్జీ కూడా పోవాలి. పీక్ సీజన్‌కి మాత్రం వెనక ఏ ఖర్చూ ఉండక్కర్లేదు. గిరాకీ ఉంది కాబట్టి పెంచాం అంతే! దాన్ని రేటు అనకుండా సర్‌ఛార్జీ అనడం దేనికి? మొదటి లైన్ చిన్నగా కనబడ్డానికి.

కంపెనీలన్నీ కలిసి కూర్చుని ఇలాంటివి నిర్ణయించుకునే మినహాయింపుని యూరప్ 2008 అక్టోబరులో తీసేసింది. అప్పట్నుంచి ఆ రూట్లలో ఎవరి లెక్క వారిదే. అదే సముద్రం, అదే నూనె, వేరే వేరే అంకెలు. కాబట్టి బాఫ్‌ని బాఫ్‌తో పోల్చకండి. మొత్తాన్ని మొత్తంతో పోల్చండి, మిగిలిన "వర్తిస్తే" లన్నీ ఈరోజే పడ్డాయనుకుని కూడండి. అప్పుడు బావగారికి ఓకే చెప్పండి.