పచ్చ లైటు వెలిగిందా?

లండన్‌లో కొడుకు దగ్గరికో, కూతురు పురిటికో వెళ్లే తల్లిదండ్రులు మన పలాస, టెక్కలి వైపు కూడా ఇప్పుడు తక్కువేమీ లేరు. ఇక్కడ పొద్దున్నే సంతకో, తోటకో నడిచే మనిషి అక్కడ నాలుగు గోడల మధ్య మూడు నెలలు కూర్చుంటాడు. తిరిగొచ్చేసరికి బరువు, షుగరు రెండూ పెరుగుతాయి. ఊళ్లో సైకిల్ తొక్కిన అలవాటున్న వాళ్లు అక్కడి అద్దె సైకిల్ తొక్కాలనే నేనంటాను. మనలాగే అక్కడా ఎడమవైపే బండ్లు నడుస్తాయి, అది సగం ధైర్యం. కాకపోతే తొక్కడంకంటే ముందు, దాన్ని తిరిగి అప్పగించడం నేర్చుకోవాలి.

లండన్ రవాణా సంస్థ ఈ సైకిళ్లను 2010 జులైలో మొదలుపెట్టింది. ఇప్పుడు వీటి పేరు శాంటాండర్ సైకిల్స్. మన ఊరి సైకిల్ షాపులో గంట లెక్కన పుస్తకంలో పేరు రాసుకుని ఇచ్చేవారు గదా, ఇదీ అదే. షాపువాడి బదులు రోడ్డు పక్కన ఇనుప స్టాండ్లుంటాయి. ఇవి ఎక్కువగా నగరం నడిబొడ్డునే ఉంటాయి. మనవాళ్లు ఎక్కువగా ఉండే ఈస్ట్ హామ్, ఇల్‌ఫర్డ్‌లో కనపడవు. అక్కడుండేవాళ్లు రైల్లో స్ట్రాట్‌ఫర్డ్ దిగి ఒలింపిక్ పార్కులో తీసుకోవడం తేలిక.

పిల్లల ఫోన్లోని యాప్ మ్యాపులో ఏ స్టాండులో ఎన్ని సైకిళ్లున్నాయో, ఎన్ని ఖాళీలున్నాయో కనిపిస్తుంది. బయల్దేరేటప్పుడు సైకిళ్లు చూడండి, చేరాల్సిన చోట ఖాళీలు చూడండి. రెండోది చాలామంది చూడరు. యాప్ ఇచ్చిన ఐదంకెల కోడ్‌ను స్టాండు మీది 1, 2, 3 బటన్లతో నొక్కితే పచ్చ లైటు వెలుగుతుంది. అప్పుడు సీటు పట్టుకుని కొంచెం ఎత్తి గట్టిగా లాగండి. బండి ఇరవై కిలోలు దాటి ఉంటుంది, నడుము జాగ్రత్త. సీటు వెనక్కి తిప్పి ఉంటే ఎవరో చెడిపోయిందని గుర్తు పెట్టారన్నమాట, దాన్ని వదిలేయండి.

2022లో మార్చిన ధర ప్రకారం అరగంటకు 1.65 పౌండ్లు, ఆ తర్వాత ప్రతి అరగంటకూ మళ్లీ అంతే. ఒక ఆదివారం హైడ్ పార్కులో తిరుగుతున్నారనుకోండి. ఇరవై ఐదో నిమిషంలో స్టాండుకొచ్చారు, ఎండ కాసిన రోజు గనుక అన్నీ నిండి ఉన్నాయి. కంగారుపడి సైకిల్‌ను చెట్టుకు ఆనించి వెళ్లిపోతే లెక్క నడుస్తూనే ఉంటుంది. ఆ స్టాండు దగ్గరి యంత్రం తెరమీద ఖాళీ లేదని నొక్కితే పదిహేను నిమిషాలు ఉచితంగా ఇస్తుంది, దగ్గర్లో ఖాళీ ఎక్కడుందో కూడా చూపిస్తుంది. అక్కడ ముందుచక్రాన్ని స్టాండులోకి గట్టిగా తోయండి. పచ్చ లైటు వెలగాలి. వెలిగాక ఒకసారి వెనక్కి లాగి చూడండి. రైల్వేస్టేషన్ సైకిల్ స్టాండులో టోకెన్ ఎలాగో, ఇక్కడ ఆ లైటు అలాగ. అది వెలక్కుండా ఇంటికొచ్చేస్తే, డెబ్బై నిమిషాలు గడిచేసరికి మూడు అరగంటల డబ్బు, 4.95 పౌండ్లు. తెల్లారేదాకా తెలియకపోతే లెక్క ఇంకా పెరుగుతుంది.

ఇక దారి. నీలిరంగు గుండ్రటి బోర్డు మీద తెల్ల సైకిల్ బొమ్మ ఉంటే అది సైకిళ్ల దారి. కొన్నిచోట్ల ఒకే దారిలో రెండు వైపులా వస్తారు. ఎడమకే ఉండండి, మన జంక్షన్‌లో అలవాటైన రాంగ్ రూట్ అక్కడ మానేయండి. సైకిల్ బొమ్మతో చిన్న సిగ్నల్ లైట్లుంటాయి. ఎర్ర లైటు దాటినా, ఫుట్‌పాత్ ఎక్కినా పోలీసులు యాభై పౌండ్ల జరిమానా వేయవచ్చు. హైడ్ పార్కులో కూడా గుర్తు పెట్టిన దారుల్లోనే తొక్కాలి. అన్నిటికన్నా ప్రమాదం లారీల దగ్గర. ఎడమకు తిరగబోతున్న లారీకి ఎడమ పక్కన దూరకండి. డ్రైవరుకు మీరు కనపడరు, మీకు తప్పుకునే చోటూ ఉండదు. ముందుకెళ్లే తొందర వద్దు, లారీ వెనకే ఆగండి. తొక్కని వాళ్లకు కూడా ఒక మాట. కొన్ని బస్టాపుల వెనక నుంచి సైకిళ్ల దారి వెళ్తుంది. బస్సు దిగి అటూ ఇటూ చూడకుండా నడిస్తే సైకిళ్లకు అడ్డం పడతారు.

సీటును నిలబడినప్పుడు తుంటి ఎత్తుకు పెట్టుకోండి. తక్కువైతే మోకాళ్లు నొప్పెడతాయి. మూడు గేర్లుంటాయి, ఒకటితో మొదలెట్టండి. షుగరుకు ఇన్సులిన్ వేసుకునేవాళ్లు జేబులో పంచదార పొట్లం, చాక్లెట్ లాంటివి ఉంచుకోవాలి. మొదటిరోజు తొక్కాక కాళ్లు నొప్పెడితే బ్యాగులోంచి నొప్పి మాత్ర తీయకండి. ఉద్దానం వాళ్లకు ఇది ప్రత్యేకంగా చెప్పాలి, ఆ మాత్రల్లో చాలావాటికి మూత్రపిండాలను దెబ్బతీసే గుణం ఉంది. క్రియాటినిన్ ఎక్కువున్నవాళ్లు బయల్దేరే ముందే ఇక్కడి డాక్టరును అడిగి, ఏది వేసుకోవచ్చో కాగితం మీద రాయించుకుని వెళ్లండి.