మందుల సంచి మొత్తం చూపించండి

కంప్లిలో ఒక పెద్దాయన ఉన్నారనుకోండి. బీపీకి ఆమ్లోడిపిన్ ఊళ్లో డాక్టరు రాశారు. ప్రోస్టేట్‌కు టామ్సులోసిన్ బళ్లారిలో, నిద్రకు ఆల్ప్రజోలామ్ హొసపేటలో రాశారు. మొదటి రెండూ రక్తనాళాలను సడలిస్తాయి, మూడోది మత్తుతో తూలేలా చేస్తుంది. రాత్రి మూత్రానికి లేవగానే బీపీ పడిపోయి, కళ్లు తిరిగి పడిపోతారు. ఇంట్లోవాళ్లు వయసు మీద పడిందంటారు.

అందుకే మందులన్నీ చీటీలతో సహా ఒకే డాక్టరుకు చూపించండి. 5 నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టాక 1, 3 నిమిషాలకు మళ్లీ బీపీ చూడమనండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే మందులు సరిచూడాలి. ఆల్ప్రజోలామ్‌ను మాత్రం సొంతంగా ఆపకండి. ఒక్కసారిగా మానేస్తే మూర్ఛ రావచ్చు. డాక్టరు సలహాతో మెల్లగా తగ్గించాలి. ఈ సంచిక ముఖ్య కథనం ఇలా మందులన్నీ ఒకేచోట పరిశీలించడం గురించే.

— సంపాదకుడు