బకాయి అడిగే సందేశంలో ఉండవలసిన మాటలు

కర్నూలు నుండి ఒక సోదరి ఉత్తరం రాశారు. ఆమె ఇంటి వద్దనే ఉండి ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలను తెలుగులోకి అనువదిస్తారు. ఒక శిక్షణ సంస్థకు 96 పేజీల సామాన్యశాస్త్ర పుస్తకాన్ని అనువదించి జనవరి 20న అందజేశారు. పేజీకి 200 రూపాయల చొప్పున మొత్తం 19,200 రూపాయలు. ముందుగా 5,000 అందాయి. మిగిలిన 14,200 రూపాయలు ఫిబ్రవరి 6లోగా ఇవ్వాలని ఒప్పందం. ఆ సంస్థ యజమాని మొదట నెలాఖరుకని, పిదప రంజాన్ పండుగ తరువాతనని, చివరకు ఏప్రిల్ 10న తప్పక ఇస్తానని చెప్పారు. ఆ తేదీ కూడా దాటిపోయింది. ఏప్రిల్ 13న తాను పంపదలచిన సందేశాన్ని ఆమె మాకు చూపించి, ఇందులో మార్చవలసినదేమిటని అడిగారు. ఆ సందేశం ఇది:

“అస్సలాము అలైకుమ్ భాయ్‌సాబ్. ఎలా ఉన్నారు? ఇంట్లో అందరూ క్షేమమేనా? మళ్ళీ మళ్ళీ విసిగిస్తున్నందుకు క్షమించండి. మీకు ఎన్ని పనులుంటాయో నాకు తెలుసు. ఆ పాత డబ్బుల సంగతి ఒకసారి గుర్తు చేద్దామని. నెలాఖరు అన్నారు, పండుగ తరువాత అన్నారు, మొన్న 10వ తేదీ అన్నారు. అబ్బాజాన్ మందులు కొనాలి, తమ్ముడి ఫీజు కట్టాలి. మీకు వీలైనప్పుడు, కుదిరితే కొంతైనా పంపండి. ఏమీ అనుకోవద్దు. రెండవ పుస్తకం పని కూడా త్వరలో మొదలుపెడతాను. జజాకల్లాహ్.”

ఈ సందేశంలో మర్యాదకు లోటు లేదు. అయితే ఎంత సొమ్ము రావాలో, ఏ పనికి రావాలో, ఎప్పటిలోగా కావాలో ఇందులో ఎక్కడా లేదు. చదివిన వ్యక్తి “అలాగే చూస్తాను” అని ఒక్క మాటతో ముగించవచ్చు. వాయిదా వేయటానికి అలవాటుపడిన వారికి ఇంతకంటే సులువైన జవాబు వేరొకటి ఉండదు.

ముందుగా తొలగించవలసినది క్షమాపణ. మాట తప్పినది ఆయన. క్షమాపణ చెబుతున్నది ఈమె. స్తోమత కలిగి ఉండి కూడా బాకీ తీర్చటంలో జాప్యం చేయటం అన్యాయమని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించిన సంగతి బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉంది. అన్యాయానికి లోనైన వ్యక్తి తన హక్కును అడిగినందుకు మన్నింపు కోరనవసరం లేదు. సలాము ఉండాలి, అది చాలు.

రెండవది, అబ్బాజాన్ మందులు, తమ్ముడి ఫీజు. ఇవి నిజమైన అవసరాలే. కాని వాటిని పేర్కొనగానే కూలి కాస్తా సహాయంగా మారిపోతుంది. సహాయం చేయటం, చేయకపోవటం ఇచ్చేవారి దయపై ఆధారపడుతుంది. చేసిన పనికి ప్రతిఫలం అలాంటిది కాదు. మందుల ఖర్చు లేకపోయినా ఆ 14,200 రూపాయలు ఆమెవే.

మూడవది అన్నింటికంటే ముఖ్యమైనది: “వీలైనప్పుడు”, “కుదిరితే”, “కొంతైనా”. ఈ మూడు మాటలు వినయంగా కనిపిస్తాయి గాని, నిజానికి ఇవి మూడు రాయితీలు. మొదటిది గడువును ఎత్తివేస్తుంది. రెండవది చెల్లించకపోవటానికి అనుమతినిస్తుంది. మూడవది మొత్తాన్ని తగ్గిస్తుంది. అవతలి వ్యక్తి అడగకముందే ఈమె వాటిని ఇచ్చివేశారు.

ఇక్కడ ఒక సందేహం కలగవచ్చు. రుణగ్రస్తుడు ఇబ్బందిలో ఉంటే పరిస్థితి మెరుగుపడే వరకు వ్యవధి ఇవ్వమని దివ్య ఖుర్‌ఆన్ అల్ బఖరా సూరా 280వ ఆయతులో ఆదేశం ఉంది కదా? నిశ్చయంగా ఉంది. అయితే ఆ వ్యవధి ఇబ్బందిలో ఉన్నవారికి. ఈ యజమాని తనకు ఇబ్బంది ఉందని ఒక్కసారి కూడా చెప్పలేదు. తేదీలు మాత్రమే మార్చారు. పైగా రెండవ పుస్తకం కూడా అనువదించమని అడుగుతున్నారు. కనుక సందేశంలోనే ముందుగా వ్యవధి రాయవద్దు. ఆయన జవాబుగా తన కష్టం చెప్పుకుంటే అప్పుడు ఇవ్వండి. అప్పుడైనా రెండు లేదా మూడు వాయిదాలు, వాటి తేదీలు రాతపూర్వకంగా ఉండాలి. గడువుతో కూడిన రుణ వ్యవహారాన్ని రాసుకోమని అదే సూరా 282వ ఆయతు ఆదేశిస్తోంది.

నాల్గవది, పాత వాయిదాల పట్టిక. మూడింటినీ ఏకరువు పెడితే ఆయన వాటికి సంజాయిషీ చెప్పటం మొదలుపెడతారు, సంభాషణ గతంలోకి మళ్ళుతుంది. చివరి మాట ఒక్కటి చాలు. అది ఆయన స్వయంగా ఇచ్చిన తేదీ గనుక దానిని కాదనలేరు.

ఇక రెండవ పుస్తకం. పాత బాకీ తీరకముందే కొత్త పనికి సిద్ధమని చెబితే, ఆలస్యం వల్ల తమకు నష్టమేమీ లేదని ఆయన గ్రహిస్తారు. ఈ సోదరి రెండవ పుస్తకానికి ముందస్తు సొమ్ము తీసుకోలేదు, తేదీకి ఒప్పుకోలేదు. అందుచేత బకాయి అందిన తరువాతనే ఆ పని మొదలుపెడతానని చెప్పే స్వేచ్ఛ ఆమెకు ఉంది. ఒకవేళ మీరు ఇదివరకే గడువుకు ఒప్పుకొని ఉంటే ఈ వాక్యం రాయవద్దు. ఆయన మాట తప్పారని మనమూ తప్పటం తగదు.

ఇన్ని తొలగించాక, ఉండవలసినవి చేర్చితే సందేశం ఇలా తయారైంది:

“అస్సలాము అలైకుమ్ భాయ్‌సాబ్. సామాన్యశాస్త్రం మొదటి పుస్తకం అనువాదం (96 పేజీలు) జనవరి 20న మీకు అందజేశాను. మొత్తం రూ. 19,200లో రూ. 5,000 అందాయి. ఫిబ్రవరి 6లోగా రావలసిన రూ. 14,200 ఇంకా అందలేదు. ఏప్రిల్ 10న చెల్లిస్తామని మీరు చెప్పారు. దయచేసి ఈ మొత్తాన్ని ఏప్రిల్ 20లోగా నా ఖాతాకు పంపండి. బిల్లు, ఖాతా వివరాలు జతచేశాను. ఇది అందిన తరువాత రెండవ పుస్తకం పని మొదలుపెడతాను.”

ఇందులో నిష్ఠూరం లేదు, బెదిరింపు లేదు. అడిగినది ఒక్కటే, దానికి తేదీ ఉంది. బిల్లు మళ్ళీ జతచేయటం వల్ల “బిల్లు కనిపించలేదు” అనే సాకు మిగలదు. పంపే ముందు మాత్రం మన వైపు పొరపాటు ఏదీ లేదని చూసుకోవాలి: వారు అడిగిన సవరణలు పూర్తి చేశామా, బిల్లులో లెక్క సరిగా ఉందా, ఖాతా సంఖ్య తప్పుపడిందా? ఆయన ఫోనులో జవాబిస్తే, మాట్లాడిన వెంటనే “మీరు చెప్పినట్లు ఫలానా తేదీకి ఎదురుచూస్తాను” అని ఒక వాక్యం రాసి పంపాలి. పదిమంది ఉన్న గ్రూపులో అడగరాదు. అది హక్కును అడగటం కాక పరువు తీయటం అవుతుంది.

ఏప్రిల్ 20 కూడా దాటితే ఇవే వివరాలతో స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపవచ్చు. పని చేపట్టకముందే ఉద్యమ్ నమోదు చేసుకున్న చిన్న సేవాదారులకు 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం అండగా ఉంది. రాతపూర్వక ఒప్పందం ఉన్నా చెల్లింపు గడువు 45 రోజులకు మించరాదని ఆ చట్టం చెబుతుంది. ఆలస్యానికి వడ్డీ కూడా విధిస్తుంది. వడ్డీ మనకు నిషిద్ధం గనుక అసలు సొమ్మునే కోరాలి; ఫిర్యాదు దాకా వెళ్ళవలసి వస్తే ఈ విషయమై ముందుగా ఉలమాలను సంప్రదించాలి. సందేశంలో మాత్రం వడ్డీ మాట రాయవద్దు. మన సొమ్ము 14,200. అంతకు తగ్గించి అడగవద్దు, పెంచి అడగవద్దు.